ముడుచుకోకపోతే తప్ప వదలొద్దు

నార్పల దగ్గర మాకు మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. మూడొందల చిల్లర చెట్లు. నేను అనంతపురంలో ఉద్యోగం చేసుకుంటూ వారానికో రెండు వారాలకో పోయి చూసి వస్తుంటాను, మిగతా రోజుల్లో తోట చూసుకునేది ఒక పెద్దాయన. ఆయనకు నేను వాట్సాప్‌లో పంపే మెసేజీలు చదివి వినిపించేది ఆయన కొడుకు. రెండేళ్ల కింద డిసెంబరులో నేను పంపిన ఒక్క వాక్యం వల్ల ఆ ఏడాది పూత దెబ్బతినింది. అప్పటినుంచి ఆ వాక్యం నా బుర్రలో తిరుగుతూనే ఉంది. అది నా తప్పేనని ఒప్పుకుంటాను, కానీ అలాంటి వాక్యాలు మనందరం రోజూ రాస్తున్నాం, రోజూ చదువుతున్నాం, అందుకే దీని గురించి కొంచెం వివరంగా రాయాలనిపించింది.

వాక్యం ఇది: "ఆకు ముడుచుకోకపోతే తప్ప నీళ్లు వదలొద్దన్నా."

చీనీ తెలియనివాళ్ల కోసం ముందు ఒక మాట చెప్పాలి. చీనీ చెట్టుకు ఏడాది పొడవునా నీళ్లు పారిస్తూ పోతే అది చిగుర్లు వేస్తూ పోతుంది, పూత మాత్రం ఒకసారి కొంచెం, ఇంకోసారి కొంచెం వేస్తుంది. పూతంతా ఒక్కసారి రావాలంటే కొన్నాళ్లు నీళ్లు ఆపి చెట్టును బెట్టకు వదలాలి. తేలికపాటి ఎర్రనేలల్లో రెండు మూడు వారాలకే చెట్టు వాడుతుంది, నల్లరేగడిలో ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. అందుకే రోజులు లెక్కపెట్టడం కంటే ఆకును చూడటం మేలు. మధ్యాహ్నం ఎండకు ముడుచుకున్న ఆకు తెల్లారేసరికి మళ్లీ విప్పుకుంటే బెట్ట ఇంకా చాలలేదని మా తోటలో లెక్క. తెల్లవారుజామున కూడా ముడుచుకునే ఉండి, అక్కడక్కడ ఆకులు పసుపు తిరిగి రాలడం మొదలైతే అప్పుడు నీళ్లు వదలాలి, అదీ మొదట కొంచెం, తర్వాత మెల్లగా పెంచుకుంటూ. ముందే వదిలితే పూతకు బదులు ఆకు చిగురొస్తుంది. మరీ ఆలస్యం చేస్తే ఆకంతా రాలి కొమ్మలు ఎండుతాయి. అంటే రెండు వైపులా నష్టమే, వాల్వు తిప్పాల్సిన రోజు తప్పకూడదు.

నేను చెప్పాలనుకున్నది: ఆకు ముడుచుకునేదాకా నీళ్లు వదలొద్దు, ముడుచుకున్నాక వదులు.

నేను రాసింది అక్షరం అక్షరం చదివితే: "ఆకు ముడుచుకోకపోతే" అనే ఒక్క సందర్భం "తప్ప" ఇంకెప్పుడూ "నీళ్లు వదలొద్దు". అంటే ఆకు ముడుచుకోకపోతేనే నీళ్లు వదలాలి. నేను అనుకున్నదానికి పూర్తిగా ఎదురు.

ఆ వారం పెద్దాయన కూతురి ఊరికి పోయినాడు. కొడుకు ఒక్కడే తోటలో ఉన్నాడు. నీళ్లు ఆపి పది రోజులైంది, ఆ అబ్బాయి పొద్దున్నే పోయి ఆకు చూసినాడు, ఆకు పచ్చగా, విప్పుకుని, నిగనిగలాడుతూ ఉంది. మెసేజ్ మళ్లీ తీసి చదువుకున్నాడు. ముడుచుకోకపోతే తప్ప వదలొద్దు. ముడుచుకోలేదు కదా, అయితే వదలాలి. డ్రిప్పు వాల్వు తిప్పినాడు. నేను తర్వాతి ఆదివారం పోయేసరికి కొమ్మల కొసల్లో లేత చిగురు, మొగ్గ అన్నది వెతికినా కనిపించలేదు.

నేను అరిచినాను. ఆ అబ్బాయి ఫోన్ తీసి చూపించినాడు. "నువ్వు రాసినట్లే చేస్తి కదక్కా, చూడు." చూసినాను. నిజంగానే ఆ అబ్బాయి రాసినట్లే చేసినాడు. తర్వాత వాళ్ల నాయన ఊరినుంచి వచ్చి అదే మెసేజ్ కొడుకుతో చదివించుకుని విన్నాడు. "ఇందులో తప్పేముందమ్మా, ముడుచుకునేదాకా వదలొద్దు అంటివి, నాకు అర్థమైతానే ఉండాది" అన్నాడు. ఒకే వాక్యం, ఒకే ఇంట్లో ఇద్దరు, రెండు ఎదురెదురు అర్థాలు. ఇద్దరూ నిజాయితీగానే చదివినారు.

ఎందుకిలా అయిందో చాలా రోజులు ఆలోచించినాను. తెలుగులో ఈ షరతు చెప్పడానికి రెండు దారులున్నాయి. మొదటిది ముందు మాట అవునన్నట్టు పెట్టి చివర తప్ప చేర్చడం: "ముడుచుకుంటే తప్ప వదలొద్దు". మాటల్లో అయితే "ముడుచుకుంటేగానీ వదలొద్దు" అంటాం, అదీ ఇదే దారి. రెండోది ముందు మాటలోనే లేదు అని పెట్టడం: "ముడుచుకోనిదే వదలొద్దు", లేదా "ముడుచుకోకుండా వదలొద్దు". ఇక్కడ తప్పతో పనిలేదు, నిదే, కుండా అన్నవే ఆ పని చేస్తాయి. రెండు దారులూ సరైనవే, రెండిటి అర్థం ఒకటే. చిక్కల్లా మొదటి దారిలో సగం, రెండో దారిలో సగం నడిచినప్పుడే వస్తుంది. "ముడుచుకోకపోతే" అని రెండో దారిలో మొదలుపెట్టి "తప్ప" అని మొదటి దారిలోకి దూకితే ఒక కాదు ఎక్కువై అర్థం తలకిందులవుతుంది. నేను చేసింది సరిగ్గా ఇదే.

దీనికి ఇంకో కారణం మా స్కూల్లో ఉందనుకుంటాను. ఇంగ్లీషు క్లాసులో అన్‌లెస్ అంటే "...కపోతే" అని నేర్పించినారు, నువ్వు పరిగెత్తకపోతే బస్సు అందదు అన్నట్టు. అది సరైన అర్థమే. కానీ ఆ అన్‌లెస్ తలలో పెట్టుకుని తెలుగులో షరతు రాసేటప్పుడు మొదట "కపోతే" వచ్చేస్తుంది, తర్వాత మన తెలుగు అలవాటు కొద్దీ "తప్ప" కూడా వచ్చి కూర్చుంటుంది. అపార్ట్‌మెంట్ నోటీసుల్లో, ఆఫీసు సర్క్యులర్లలో, మందుల షాపుల్లో అంటించిన కాగితాల్లో "లేకపోతే తప్ప", "రాకపోతే తప్ప" అని కనిపించిన ప్రతిచోటా ఇప్పుడు ఆగి చూస్తున్నాను. సగం సార్లు రాసినవాళ్ల ఉద్దేశం దానికి ఎదురుగా ఉంటోంది.

ఇక పెద్దాయనకు "అర్థమైతానే ఉండాది" అనిపించడం. ఇదే అన్నిటికన్నా ప్రమాదమని నా అభిప్రాయం. ఆయన ముప్పై ఏళ్లుగా చీనీ చూస్తున్న మనిషి, వాక్యం చివరిదాకా వినకముందే సంగతి ఆయనకు తెలుసు. ఆకు, ముడుచుకోవడం, నీళ్లు, వద్దు, ఈ నాలుగు మాటలు చెవిన పడితే చాలు, మిగతాది ఆయన పని అనుభవం పూరిస్తుంది. వాక్యంలోని తప్పును ఆయన సరిచేసుకున్నాడు, సరిచేసుకున్న సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

ఇది చదువురానివాళ్ల సంగతి అనుకోకండి. పీటర్ వేసన్, షూలీ రైక్ అనే ఇద్దరు 1979లో ఒక ఇంగ్లీషు వాక్యం మీద పరిశోధన ప్రచురించినారు, తలకు తగిలే దెబ్బల గురించిన వాక్యం అది. తెలుగులో పెడితే ఇట్లా ఉంటుంది: "పట్టించుకోకుండా వదిలేయలేనంత చిన్న తలదెబ్బ అంటూ ఏదీ లేదు." చదివినవాళ్లలో చాలామందికి ఎంత చిన్న దెబ్బైనా పట్టించుకోవాలనే చెప్తున్నట్టు అనిపిస్తుంది. ఇప్పుడు నిదానంగా విప్పండి. వదిలేయలేనంత చిన్న దెబ్బ ఏదీ లేదు, అంటే ఏ దెబ్బనైనా వదిలేయొచ్చు. వాక్యం ఎంత దెబ్బైనా పట్టించుకోనక్కర్లేదు అంటోంది! వివరించి చెప్పినా చాలామంది ఒప్పుకోరు. తలదెబ్బను వదిలేయమని ఎవరూ చెప్పరు కదా అన్న లోకజ్ఞానం వాక్యాన్ని పక్కకు తోసేస్తుంది, మెదడు మూడు నాలుగు కాదులు లెక్కపెట్టే ఓపిక లేక తెలిసిన అర్థానికి అతుక్కుంటుంది.

అందుకే "మనోళ్లకు అర్థమైతాదిలే" అన్న మాటను నేను ఒప్పుకోను. మా చిన్నాయన ఇదే అన్నాడు, వార్తల్లో అవకాశం లేకపోలేదు అంటే ఉందనే కదా అనుకుంటాం, తప్పకుండా రా అంటే రమ్మనే కదా, ఎవరైనా తికమక పడతారా అని. నిజమే, పడరు. ఆ మాటలు రాళ్లలాగా గట్టిపడిపోయినాయి, వాటిని ఎవరూ విప్పి చదవరు. కానీ పనికి సంబంధించిన సూచన అట్లా గట్టిపడిన మాట కాదు, అది ఆ రోజుకు కొత్తగా రాసింది. పైగా పని తెలిసినవాడికి సూచనే అక్కర్లేదు. సూచన కావాల్సింది తెలియనివాడికి, అంటే వాక్యాన్ని అక్షరం అక్షరం నమ్మి చదివేవాడికి. తప్పు వాక్యం పెద్దాయన చేతిలో బతికిపోయి, కొడుకు చేతిలో పూతను పోగొట్టింది.

సరే, నేను "ముడుచుకుంటే తప్ప వదలొద్దు" అని వ్యాకరణం తప్పకుండా రాసి ఉంటే అంతా బాగుండేదా? సగం బాగుండేది. ఆ వాక్యాన్ని ఇంకోసారి చూడండి. ముడుచుకోనప్పుడు ఏం చేయాలో చెప్తోంది: వదలొద్దు. ముడుచుకున్నప్పుడు? వద్దు అన్న అడ్డు తీసేసింది, అంతే. వదలాలి అని ఎక్కడా చెప్పలేదు. తర్కం పాఠాల్లో అన్‌లెస్‌ను మామూలుగా ఇట్లాగే తీసుకుంటారు, షరతు తీరనప్పుడు ఏమిటో చెప్తుంది, తీరినప్పుడు ఏమిటో చెప్పదు. మాటల్లో మనం రెండో సగాన్ని ఊహించుకుంటాం. కానీ ఆ అబ్బాయి "వదలొచ్చు అన్నావు గానీ వదలమని యాడ చెప్పినావు, నువ్వు ఫోన్ చేస్తావని చూస్తాంటి" అని ఇంకో వారం ఆగి ఉంటే, ఆకంతా రాలి కొమ్మలు ఎండి ఉంటే, అప్పుడూ ఆ అబ్బాయి వాక్యం ప్రకారమే నడిచినట్టు.

ఇక్కడ మన తెలుగుకే ఉన్న ఇంకో ఇబ్బంది చెప్పాలి. మన వాక్యంలో తీర్పు చివరి క్రియలో ఉంటుంది. "నీళ్లు వదల..." దాకా విన్నా ఏమీ తెలియదు, ఆ తర్వాత ఒక్క అక్షరం మీద అంతా ఆధారపడి ఉంటుంది: వదలొద్దు, వదలొచ్చు. ఆపొద్దు, ఆపొచ్చు. ద్దు, చ్చు. పక్కన బోరు మోటరు మోగుతుంటే, సిగ్నల్ సగం సగం వస్తుంటే ఆ తేడా ఎవరికి వినపడుతుంది? ఫోన్‌లో మెసేజ్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు వాక్యం తోక తెగిపోయి మూడు చుక్కలు కనిపిస్తాయి, ఆ తోకలోనే వద్దు ఉంటుంది. అందుకే ఇప్పుడు ఫోన్‌లో నేను వదలొద్దు అనను. "వాల్వు మూసే ఉంచు" అంటాను. వదలొచ్చు అనను, "వాల్వు తెరువు" అంటాను. మూయడం, తెరవడం ఎంత గోలలోనైనా వేరుగానే వినిపిస్తాయి.

తోక సంగతి ఎంత దూరం పోతుందో మా వీధిలో పిన్నికి జరిగింది చెప్తాను. ఆమెకు షుగరు. ఒక ల్యాబులో రెండు రక్తపరీక్షలు రాసినారు, పొద్దున పరగడుపున ఒకటి, తిన్నాక రెండు గంటలకు ఇంకొకటి. రెండోదాని కోసం చీటీ మీద చేత్తో ఇట్లా రాసి ఇచ్చినారు: "టిఫిను తినకుండా, మాత్ర వేసుకోకుండా రెండో పరీక్షకు రావద్దు." రాసినవాళ్ల ఉద్దేశం తిని, రోజూ వేసుకునే మాత్ర వేసుకుని రమ్మని. పిన్ని కళ్లకు మాత్రం "తినకుండా, వేసుకోకుండా" అన్నవే కనిపించినాయి, రక్తపరీక్ష అంటే పరగడుపు అని మనందరికీ అలవాటు కాబట్టి. మొదటి రక్తం ఇచ్చి ఇంటికొచ్చి, ఏమీ తినకుండా, మాత్ర వేసుకోకుండా, కళ్లు తిరుగుతుంటే రెండు గంటలు కూర్చుని మళ్లీ పోయింది. వాళ్లు "తినలేదా అమ్మా, రాసిచ్చినాం కదా" అన్నారు. చీటీ చూసుకుంటే రాసే ఉంది. ఆమె తప్పు చదివిందని వాళ్లు, వాళ్లు తప్పు రాసినారని ఆమె. నాకైతే తప్పు చీటీదే. "మొదటి రక్తం ఇచ్చాక ఇంటికి పోయి టిఫిను తిని, రోజూ వేసుకునే మాత్ర వేసుకోండి. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు మళ్లీ రండి" అని రాస్తే చీటీలో ఇంకో రెండు వరుసలు పట్టేది, అంతకంటే పోయేదేమీ లేదు.

ఇప్పుడు నేను ఏ సూచన రాసినా పంపేముందు ఒక పని చేస్తాను. షరతు తీరినప్పుడు, తీరనప్పుడు అని రెండు పరిస్థితులు తీసుకుని, నాకేమీ తెలియనట్టు ఆ వాక్యాన్ని ఒక్కోదానికి అడుగుతాను. ఆకు ముడుచుకుంది, ఏం చేయమంటావు? ఆకు ముడుచుకోలేదు, ఏం చేయమంటావు? రెండిటికీ వాక్యంలోంచే జవాబు రావాలి, నా తలలోంచి రాకూడదు. పాత మెసేజ్‌ను అడిగితే ముడుచుకుంది అన్నప్పుడు "వదలొద్దు" అంటుంది. అక్కడే పట్టుబడి ఉండేది. సరిచేసినదాన్ని అడిగితే ముడుచుకుంది అన్నప్పుడు ఏమీ మాట్లాడదు. అప్పుడు దాన్ని అతుకులు వేయకుండా రెండు వాక్యాలుగా విడగొట్టేస్తాను, ఒక్కో పరిస్థితికి ఒక్కో వాక్యం, పరిస్థితి ముందు, పని తర్వాత.

ఇట్లా విడగొట్టేటప్పుడే ఇంకో సంగతి బయటపడింది. "ఆకు ముడుచుకోవడం" అని నేను దేన్ని అంటున్నాను? మధ్యాహ్నం ముడుచుకున్నా ముడుచుకున్నట్టే కదా, ఆ అబ్బాయి రెండింటికి పోయి చూస్తే? కాదు కాదు అని మెలికలు తిరిగిన వాక్యంలో ఈ లోటు దాక్కుని ఉండింది. సాదాగా రాయగానే పైకి తేలింది. నాకు తెలిసిన చాలా మెలిక వాక్యాలు ఇంతే, రాసేవాళ్లకే సంగతి పూర్తిగా తేలనప్పుడు ఆ లోటును ఒక తప్ప, ఒక కుండా కప్పేస్తాయి.

అలాగని వద్దు అన్న మాటనే తీసేయమని నేననడం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మీద "ముట్టుకోవద్దు" అని ఉండాల్సిందే, దాన్ని "దూరంగా ఉండగలరు" అని మారిస్తే మెత్తబడిపోతుంది. ఒక వాక్యంలో ఒక్క వద్దు ఎవరినీ తికమక పెట్టదు. రెండోది చేరినప్పుడు ఆగాలి, దానికి తప్ప తోడైతే కొట్టేసి మళ్లీ రాయాలి. వేరేవాళ్లు రాసిన సూచన మనకొస్తే మాత్రం మనమే ఊహించి సరిచేయకూడదు, పెద్దాయన ఊహ సరిపోయింది గానీ ఇంకోసారి సరిపోతుందని నమ్మకం లేదు. రాసినవాళ్లకే ఫోన్ చేసి ఆ రెండు ప్రశ్నలూ అడగాలి. "అర్థమైందా" అని మాత్రం ఎవరూ ఎవరినీ అడగొద్దు, దానికి అందరూ ఆఁ అనే అంటారు. "ఇప్పుడు ఏం చేస్తావో చెప్పు" అంటే నిజం తెలుస్తుంది.

పోయిన డిసెంబరులో పంపిన మెసేజ్ ఇది, ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

"ఈ రోజునుంచి డ్రిప్పు ఆపు. రోజూ పొద్దున ఆరింటికి, ఎండ రాకముందే, గేటు దగ్గరి వరుసలో పది చెట్ల ఆకు చూడు. ఆకు విప్పుకుని ఉంటే వాల్వు మూసే ఉంచు. ఆకు ముడుచుకుని ఉంటే ఫోటో తీసి నాకు పంపు. నేను ఫోన్ చేసి తెరువు అన్నాక వాల్వు తెరువు. మధ్యాహ్నం దాకా నా ఫోన్ రాకపోతే చిన్నాయనకు ఫోన్ చెయ్యి, ఆయన చెప్పినట్టు చెయ్యి."

పంపి, వెంటనే ఫోన్ చేసి ఆ అబ్బాయిని అడిగినాను, రేపు పొద్దున ఆకు విప్పుకుని ఉంటే ఏం చేస్తావని. "మూసే ఉంచుతా." ముడుచుకుని ఉంటే? "ఫోటో పంపుతా." నేను ఫోన్ ఎత్తకపోతే? కొంచెం ఆగి, "చిన్నాయనకు చేస్తా, ఆయన్నూ ఎత్తకపోతే?" అని నన్నే తిరిగి అడిగినాడు. అది నాకు తట్టలేదు. "అయితే వాల్వు మూసే ఉంచి, సాయంత్రం నాకు మళ్లీ చెయ్యి" అని చెప్పి, ఆ వరుస కూడా మెసేజ్‌లో చేర్చి మళ్లీ పంపినాను.

పంతొమ్మిదో రోజు పొద్దున ఆరుంబావుకు ఫోటో వచ్చింది. మంచు కూడా ఆరని ఆకులు దొన్నెల్లా ముడుచుకుని ఉన్నాయి, పాదులో నాలుగైదు పసుపు ఆకులు. కింద రాసి ఉంది: "ముడుచుకున్నాయి అక్కా. వాల్వు మూసే ఉంది."